కాలి కింది మాట

జ్ఞానమ్మ కూర్చుంటే కాలు ఊరుకోదు. బస్సులో ఊపుతుంది, చర్చిలో ఊపుతుంది, అన్నం ముందు కూర్చుని ఊపుతుంది. ఇంటికి మంచిది కాదని తల్లి ఎలీసమ్మ చిన్నప్పుడు మోకాలి మీద గరిటె కాడతో కొట్టేది. పెద్దయ్యాక కొట్టడం మానింది, చూడటం మానలేదు.

ముమ్మిడివరంలో వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. తాత కాలం వరకూ ఊళ్ళో చేలల్లో కూలి. తండ్రి మిషన్ బడిలో చదివి ప్లీడరు గుమస్తా అయ్యాడు. ఆయన పోయాక జ్ఞానమ్మ అమలాపురంలో టైపు నేర్చుకుంది, ముందు ఇంగ్లీషు, తరవాత తెలుగు. తెలుగు మిషను మీద రెండు చేతులూ ఒక్క క్షణం ఖాళీగా ఉండవు. గుణింతాలు ఒకచోట, ఒత్తులు ఒకచోట. అయినా ఎదుటి మనిషి మామూలుగా మాట్లాడుతుంటే ఆమె మామూలుగా కొట్టేది. చెవిలో పడ్డ మాట వేళ్ళలోకి వెళ్ళిపోయేది. మధ్యలో తనకేమీ పని లేదన్నట్టు కిటికీలోంచి చూస్తుండేది.

ఆ పనితనం చూసే ఆమెను తీర సహాయ సంఘం తీసుకుంది. డెబ్భై ఏడు తుపాను తరవాత కొందరు చర్చి పెద్దలూ, ఊరి పెద్దలూ కలిసి పెట్టిన సంఘం అది. అమలాపురంలో కింద ఒక గది, పైన ఒక గది. పై గదిలో వైర్‌లెస్ సెట్టు. సముద్రం వారన నాలుగు పల్లెల్లో నాలుగు సెట్లు. వానల కాలంలో ఆ పల్లెల నుంచి గాలి ఎలా ఉంది, నీరు ఎంత లేచింది, పడవలు ఏవి బయట ఉన్నాయి అని చెప్పేవారు. ఇక్కడ ఒకాయన మైకు పట్టుకుని జవాబిచ్చేవాడు. పక్కన జ్ఞానమ్మ టైపు చేసేది. కాగితం కిందికి, కార్యదర్శి దానియేలు గారి బల్ల మీదికి వెళ్ళేది. ఎనభై నాలుగులో ఆ మైకు పట్టుకునే ఆయనకి రాజమండ్రిలో సర్కారు ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయాడు.

కొత్త మనిషి దొరికేదాకా రెండూ నువ్వే చూడమ్మా అన్నారు దానియేలు గారు.

చూడటం కుదరలేదు. ఆ సెట్టు ఒక సమయంలో ఒక్క పనే చేస్తుంది. మైకు పక్కనున్న మీట నొక్కి పట్టుకుంటే మాట్లాడుతుంది, వదిలితే వింటుంది. నొక్కినంతసేపూ అవతలివాళ్ళు అరిచినా వినపడదు. జ్ఞానమ్మ టైపు ఆపి, మైకు తీసి, నొక్కి, వింటున్నానన్నట్టు ఆయ్ అని, వదిలి, మైకు పెట్టి, మళ్ళీ మిషను మీద చేతులు వేసేసరికి అవతలి మనిషి రెండు వాక్యాలు దాటిపోయేవాడు. మళ్ళీ చెప్పమనేది. వాళ్ళు విసుక్కునేవారు. సంఘం కోశాధికారి గోవిందరాజులు గారు కింద ఉండి ఇదంతా విన్నారు. తన మేనల్లుడు ఒకడు ఖాళీగా ఉన్నాడని, మగపిల్లాడు, గొంతు గట్టిదని దానియేలు గారితో అన్నారు. వాడొస్తే జ్ఞానమ్మకి మునుపటిలాగే రోజు కూలి లెక్కన టైపు పని. రాకపోతే రెండు పనులూ ఆమెవే, నెల జీతం, ఖాయం ఉద్యోగం. కమిటీ ఆ వానల కాలం చూసి తేలుస్తానంది.

జ్ఞానమ్మకి ఆ కుర్చీ కావాలి. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర పెద్ద మాట లేదు. పొద్దున బస్సు దిగి ఆ మెట్లెక్కి కూర్చున్నాక కాసేపు మాత్రం ఆమె కాలు ఊగేది కాదు.

రేడియోలు బాగుచేసే పోలిరాజు గడియార స్తంభం వైపు సందులో ఉండేవాడు. సెట్టుకి ఫ్యూజు పోతే అతనే వచ్చేవాడు. ఒకరోజు మెట్ల మీద ఎదురైతే జ్ఞానమ్మ అడిగింది. చేతులు తియ్యకుండా మీట నొక్కే దారి ఏమైనా ఉందా అని.

పోలిరాజు పైకి వచ్చి మైకు ప్లగ్గు ఊడదీశాడు. లోపల సన్నటి తీగలు. ఒకటి పట్టుకుని, ఇది మీ మాట వెళ్ళే తీగ అన్నాడు. మరో రెండు చూపించాడు.

"ఈ రెండిటినీ కలిపితే సెట్టు మాట్లాడద్దండి. విడదీస్తే వింటది. కలిపింది వేలా, కాలా అని దానికి పట్టింపు లేదు."

"కాలా?"

"మీరెలాగూ ఊపుతారు కదండి. ఆ ఊపుడేదో జీతానికి ఊపండి."

ఆమె నవ్వలేదు గానీ, చెయ్యమంది.

పోలిరాజు మైకుని బల్లకి బిగించిన వంపు చువ్వకి కట్టాడు. టైపు మిషను అదురు మైకులోకి పోకుండా చువ్వకి మధ్యలో గుడ్డ చుట్టాడు. మీట తీగల పక్క నుంచే మరో జత తీగలు లాగి బల్ల కిందికి దింపాడు. కాబట్టి మైకు మీద మీట ఎప్పటిలాగే పనిచేస్తుంది, కింద కాలూ పనిచేస్తుంది. కింద పెడలులా బందు వేసిన చెక్కపలక, దాని అడుగున స్విచ్చు.

మొదటిరోజే గొడవ జరిగింది. పోలిరాజు పెట్టింది బల్బు స్విచ్చు. ఒకసారి తొక్కితే పడుతుంది, మళ్ళీ తొక్కితేనే లేస్తుంది. జ్ఞానమ్మ ఒకసారి తొక్కి జవాబు చెప్పి కాలు తీసింది. తీగలు కలిసే ఉన్నాయి. సెట్టు మాట్లాడుతూనే ఉంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం అన్నం వేళ దాకా నాలుగు పల్లెల్లోనూ ఎవరు మాట్లాడబోయినా కుదరలేదు. అమలాపురం నుంచి టైపు మిషను టకటకా, మధ్యమధ్య జ్ఞానమ్మ గొంతూ వచ్చాయి. దానియేలు గారి ప్రార్థన ముగిసేసరికి కేరియరులో అన్నం చల్లారిపోతోందని ఆమె పోలిరాజుతో అన్న మాట సముద్రం దాకా వెళ్ళింది. కాట్రేనికోన సెట్టు దగ్గరుండే మాణిక్యం సైకిలు మీద పోస్టాఫీసుకి వెళ్ళి, అక్కడి నుంచి ఫోను చేసి, మీ సెట్టు నోరు మూయించండి బాబూ అన్నాడు.

పోలిరాజు ఆ స్విచ్చు తీసి, గుమ్మం దగ్గర పెట్టే బెల్లు బటను పెట్టాడు. దాని మీద సైకిలు సీటు స్ప్రింగు. తొక్కినంతసేపే కలుస్తుంది. కాలు తీస్తే విడిపోతుంది. కలిసినప్పుడు వెలిగేలా సెట్టు మీద ఒక ఎర్రదీపం కూడా పెట్టాడు. అప్పటి నుంచి ఇబ్బంది లేదు.

గోవిందరాజులు గారు ఒకసారి పైకొచ్చి వంగి చూశారు. మాట అంటే సరస్వతి కదా, దాన్ని కాలితో తొక్కడమేమిటి అన్నారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటామే అన్నారు. దానియేలు గారు ఆర్గను వాయించేవాడు కూడా కాళ్ళతోనే గాలి కొడతాడు, దేవుడు వినడం మానలేదు అన్నారు. గోవిందరాజులు గారు ఒప్పుకోలేదు. చూద్దాం అని దిగిపోయారు.

ఆ పెడలుతో జ్ఞానమ్మ పని మారిపోయింది. చేతులు మిషను వదలవు. అవతల తాతారావు కొత్తతిప్ప నుంచి గాలి ఈశాన్యం తిరిగిందండి అంటే వేళ్ళు దాన్ని అచ్చు వేస్తాయి, కాలు పడుతుంది, ఆయ్ అంటుంది, కాలు లేస్తుంది. అతను మళ్ళీ మొదలుపెడతాడు. పక్కింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టుంది. మన వైపు మాట్లాడే మనిషికి మధ్యమధ్య ఆయ్ వినపడకపోతే, ఎదుటివాళ్ళకి కోపమొచ్చిందనుకుంటాడు. ఫోనులోనూ అంతే. తాతారావు అయితే ఆయ్ లేకపోతే ఆగిపోయేవాడు. ఉన్నారాండి అని అడిగేవాడు.

ఇలాంటి సెట్ల మీద మాట ముగిసిందనడానికి ఓవర్ అనాలని సెట్లిచ్చిన కంపెనీవాడు నేర్పి వెళ్ళాడు. కొన్నాళ్ళు అన్నారు. తరవాత ఎవరో దాని అర్థం అడిగారు. అయిపోయింది అని అర్థమని తెలిసింది. కొత్తతిప్పలో ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మగవాళ్ళు నీళ్ళ మీద ఉండగా అయిపోయింది అనే ఇల్లు ఆ ఊళ్ళో లేదు. బియ్యం ఒక్క గింజ లేకపోయినా నిండుకున్నాయంటారు. మిగతా పల్లెలవాళ్ళూ మానేశారు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో జ్ఞానమ్మ గొంతుని బట్టి పోల్చుకునేది. రానురాను గొంతు కూడా అక్కర్లేకపోయింది. మాటల మధ్య చిన్న ఖాళీ వస్తే కాలే పడిపోయేది.

కార్తీకం నడుమ ఒకరోజు పొద్దున కొత్తతిప్ప నుంచి మూడు పడవలు వెళ్ళాయి. పొద్దెక్కేసరికి గాలి పెరిగింది. మధ్యాహ్నానికి వాన. పడవలు రాలేదని తాతారావు చెప్పాడు. దానియేలు గారు కాట్రేనికోనలో సంఘం లాంచీని సిద్ధంగా ఉంచమన్నారు. దాని డ్రైవరు పెద్దిరాజు రేవులో ఇంజను వేడి చేసుకుని కూర్చున్నాడు. కొత్తతిప్ప నుంచి మరో కబురు రాగానే పంపడమా, మానడమా అని.

అదే రోజు సాయంత్రం కింద కమిటీ కూర్చుంది. జ్ఞానమ్మ కుర్చీ సంగతి తేల్చడానికే.

పైన జ్ఞానమ్మ ఒంటరిగా ఉంది. కింద కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినపడుతోంది. గోవిందరాజులు గారి దగ్గు వినపడుతోంది. కిటికీ రెక్క కొట్టుకుంటోంది, లేచి వెయ్యబుద్ధి కాలేదు. కాలు పెడలు మీద ఉంది. స్ప్రింగు లేస్తోంది, పడుతోంది, దీపం వెలగనంత మేరకు.

తాతారావు గొంతు వచ్చింది. వెనక గాలి మోత. ఒడ్డున జనం కేకలు. ఆమె కొట్టడం మొదలుపెట్టింది. పక్క పాలెం పడవలు కొన్ని ఒడ్డెక్కేయండి అన్నాడు. ఆయ్. మనూరి మూడు పడవలూ కూడా చేరేయని ఇక్కడ చెప్పుకుంటున్నారండి అన్నాడు. ఆయ్. ఆ మాట నిజం అన్నాడు.

అక్కడ ఒక ఖాళీ. గాలికి ఊపిరి తిప్పుకున్నాడేమో, ఎవరైనా భుజం పట్టుకున్నారేమో. జ్ఞానమ్మ కాలు పడింది.

"ఆయ్. రాసుకున్నానండి."

కాలు తీసింది. సెట్టులో మామూలు బుస తప్ప ఏమీ లేదు. తాతారావు సెట్టు కట్టేశాడు. బ్యాటరీ ఆదా కోసం పల్లెలవాళ్ళు కబురు కాగానే కట్టేస్తారు, మళ్ళీ చెప్పిన వేళకే వేస్తారు.

నిజం పక్కన ఆమె చుక్క పెట్టింది. కాగితం లాగి కిందికి పంపింది. దానియేలు గారు చదివి, దేవునికి స్తోత్రం అని, లాంచీ అక్కర్లేదని చెప్పమన్నారు. జ్ఞానమ్మ కాలు నొక్కి మాణిక్యానికి ఆ మాట చెప్పింది. అతను ఆయ్ అన్నాడు. రేవులో ఇంజను ఆగింది.

పని అయింది. కిటికీ రెక్క వేసింది. కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. కమిటీ గురించి అనుకుంది. ఖాయమైతే ఎలా ఉంటుందో, కాకపోతే బస్సులో ఎలా వెళ్ళాలో అనుకుంది. కుదురు లేదు. ఏదో గుచ్చుతోంది. అది కమిటీ కాదని కొంతసేపటికి గానీ తెలియలేదు.

నకలు కాగితం బల్ల మీద ఉంది. చదివింది. విన్నది విన్నట్టు కొట్టడం ఆమె అలవాటు. పడవలు కొన్ని ఒడ్డెక్కేయండి. చెప్పుకుంటున్నారండి. ఆ మాట నిజం.

నిజం తరవాత అండి లేదు.

తాతారావు అండి లేకుండా వాక్యం ఆపడు. గాలిని గురించి చెప్పినా అంటాడు, చచ్చిన చేపని గురించి చెప్పినా అంటాడు. తను వినకుండా వదిలేసిందా? ఆమె వేళ్ళు అండి వదలవు. ఎన్ని నెలలుగా కొడుతున్నాయి. అంటే అతను అన్నాడు, తనకి వినపడలేదు. అండికి ముందు ఇంకేమన్నా అన్నాడేమో. నిజమండి అని ఉండొచ్చు. నిజం కాదండి అని ఉండొచ్చు. ఆ కాస్తంత చోటులో తన కాలు ఉంది. తను ఆయ్ అంటున్నప్పుడు అతను మాట్లాడుతున్నాడు. తనకి అతను వినపడలేదు, అతనికి తను వినపడలేదు. అతను తన మాట ముగించి మీట వదిలేసరికి ఇక్కడి నుంచి రాసుకున్నానండి అన్న చివరి ముక్క వెళ్ళి ఉంటుంది. అందిందనుకుని సెట్టు కట్టేసి ఒడ్డుకి పరిగెత్తి ఉంటాడు.

కొత్తతిప్పని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. కాట్రేనికోనని పిలిచి, తాతారావు చివరి మాట నువ్వు విన్నావా అని మాణిక్యాన్ని అడిగింది. మూడో సెట్టుకి ఇద్దరి మాటలూ వినపడాలి.

మాణిక్యం చెప్పింది ఇంతే. ఆఖర్న ఇద్దరూ ఒక్కసారే మాట్లాడేరని, రెండు గొంతులూ కలిసి కీచుమన్నాయని, మాట మాత్రం తెలీలేదని. కొత్తతిప్పకి సైకిలు మీద వెళ్ళి కనుక్కోవాలంటే మధ్యలో పాయ దాటాలి, ఈ వానలో పంటు వెయ్యరు.

జ్ఞానమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తప్పు జరగలేదేమో. పడవలు వచ్చేసి ఉండొచ్చు. ఊరికే కిందికి వెళ్ళి చెబితే, గోవిందరాజులు గారు వెతుకుతున్న మాట తనే తీసుకెళ్ళి చేతిలో పెట్టినట్టు. తాతారావు మళ్ళీ సెట్టు వేసే వేళ దాకా ఆగితే తెలుస్తుంది. అప్పటికి వెలుతురు ఉండదు. వెలుతురు లేకపోతే లాంచీ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటదు.

మెట్లు దిగింది.

కింద బల్ల చుట్టూ కమిటీ పెద్దలు. టీ గ్లాసులు. దానియేలు గారు తలెత్తి, నీ గురించే మాట్లాడుతున్నామమ్మా అన్నారు. ఆమె ఆ మాట విననట్టు లాంచీని పంపాలండి అంది.

ఎందుకన్నారాయన. తాతారావు ఏమన్నాడు మళ్ళీ అన్నారు.

"తెలీదండి."

"కాయితంలో ఉంది కదమ్మా."

"కాయితంలో ఉన్నది సగవేనండి. మిగతాది నా కాలి కింద పడిపోయింది."

ఆమె చెప్పింది. అతను ఆగాడని, తను నొక్కిందని, నిజం తరవాత అండి లేదని. చెబుతున్నప్పుడు గొంతు మామూలుగానే ఉంది, చేతులు చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఉన్నాయి.

కమిటీలో ఒకాయన నవ్వాడు. అండి లేదని లాంచీ పంపుతామా అన్నాడు. మరొకాయన డీజిలు మాట ఎత్తాడు. దానియేలు గారు కాగితాన్ని వెలుతురుకి తిప్పి చూస్తున్నారు, అక్కడ ఇంకేమైనా కనిపిస్తుందేమోనన్నట్టు.

గోవిందరాజులు గారు టీ గ్లాసు కింద పెట్టారు.

"పోయినేడు వలల పంపకంలో తాతారావు నన్ను నడిరోడ్డు మీద తిట్టేడు. నువ్వు దొంగవండి అన్నాడు. మీ మొహం చూడనండి అన్నాడు. వాడు అండి మింగే రకం కాదు. పంపండి లాంచీని."

దానియేలు గారు పైకి చూపించారు. జ్ఞానమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది.

పెద్దిరాజు లాంచీ కట్టేసి భోజనానికి వెళ్ళాడు. మాణిక్యం వెళ్ళి పట్టుకొచ్చాడు. ఇంజను మళ్ళీ వేడెక్కాలి. జ్ఞానమ్మ పైన గోడ నుంచి గోడకి నడిచింది. లాంచీ రేవు వదిలిందని మాణిక్యం చెప్పేసరికి కిటికీలో ఆకాశం బూడిద రంగులోకి దిగింది. ఆ తరవాత ఇక్కడ చెయ్యడానికేమీ లేదు. చివరి బస్సు తప్పిపోతుందని దానియేలు గారు ఆమెను పంపేశారు. బస్సులో పక్కన కూర్చున్నామె, కాలు తగులుతోంది తల్లీ, కాస్త ఆపుతావా అంది. ఆపింది. ముమ్మిడివరం వచ్చేదాకా ఆ ఆపడంలోనే ఉంది.

పొద్దున తలుపు తీసింది ఆమే, సెట్టు వేసింది ఆమే. తాతారావు గొంతు రాత్రంతా అరిచిన గొంతులా బొంగురుపోయి ఉంది. ఈసారి జ్ఞానమ్మ కుడికాలు కుర్చీ కోడు వెనక్కి మడిచి పెట్టుకుంది. అతను చెప్పుకుపోయాడు. ఆయ్ రాకపోతే ఆగాడు. ఉన్నారాండి అన్నాడు. అప్పుడు నొక్కి, ఉన్నాను, మొత్తం చెప్పండి అంది.

నిజం కాదండి అనే అన్నాడు నిన్న. మొగలో మూడు పడవలూ ఇసకమేట మీదికి ఎక్కేశాయి. ఒకటి బోల్తాపడింది. దాంట్లోవాళ్ళు మిగతా రెంటినీ పట్టుకుని మెడలోతు నీళ్ళలో నిలబడ్డారు. లాంచీ వెళ్ళేసరికి మసక. మనుషులందరూ దొరికారు. ఒకతనికి పడవ అంచు తగిలి చెయ్యి విరిగింది. అమలాపురం ఆసుపత్రికి తెస్తున్నారు. బోల్తాపడిన పడవ కొట్టుకుపోయింది.

"లాంచీ ఇంకాస్త ముందొస్తే పడవ కూడా దక్కేదండి. ఏం చేస్తాం. దయగల ప్రభువులు, పంపేరు, అదే పదివేలండి."

జ్ఞానమ్మ ఆ వాక్యాలు కొట్టింది. ఏమీ వదల్లేదు. చివరి అండి కూడా కొట్టి, కాగితం తనే కిందికి తీసుకెళ్ళింది.

కమిటీ మళ్ళీ కూర్చుంది. గోవిందరాజులు గారు పెడలు తీసేయమన్నారు. అమ్మాయి మంచిదే, నిజం చెప్పింది, కానీ ఇవాళ అండి దొరికింది కాబట్టి సరిపోయింది, రేపు ఇంకో పల్లెవాడు అండి అనకపోతే ఏం చేస్తారు అన్నారు. అది న్యాయమైన మాటే. దానియేలు గారు జ్ఞానమ్మని అడిగారు. ఆమె పెడలు తప్పు కాదంది. మైకు చేత్తో పట్టుకున్నవాడు కూడా తొందరపడి నొక్కొచ్చు. మాట ముగిసిందని చెప్పే మాట మనకి లేదు, అదీ తప్పు అంది. ఓవర్ అనమని చెప్పమ్మా మరి అన్నారాయన. వాళ్ళు అనరండి అంది.

గాలి తగ్గాక ఒక ఆదివారం కొత్తతిప్ప వెళ్ళింది. పోలిరాజు కూడా వచ్చాడు, వాళ్ళ అత్తారిల్లు ఆ వైపే. పడవ పోయిన ఇంటి ముందు నుంచే దారి. ఆ ఇంట్లోవాళ్ళు వలలు ఆరేసుకుంటున్నారు. జ్ఞానమ్మని ఎవరని అడిగారు. టైపు చేసే ఆవిడని తాతారావు చెప్పాడు. లాంచీ పంపించిన ఆవిడా అని వాళ్ళు మంచినీళ్ళిచ్చారు. జ్ఞానమ్మ గ్లాసు పట్టుకుని, ఆలస్యమైంది నా వల్లేనండి అంది. ఏం జరిగిందో చెప్పింది. ఆ ఇంటి పెద్దాయన కొంచెంసేపు వల దారం పళ్ళతో కొరికాడు. తరవాత గ్లాసు ఖాళీ అయింది, ఇంకాస్త పొయ్యమని కోడలితో అన్నాడు. జ్ఞానమ్మ ఆ నీళ్ళు కూడా తాగి గ్లాసు కోడలికిచ్చింది.

తాతారావు ఇంట్లో మాట ముగింపు గురించి చర్చ జరిగింది. అయిపోయింది పనికిరాదు. చాలు పనికిరాదు. సెలవు అంటే ఊరు విడిచిపోయినట్టుందన్నారు. పోలిరాజు చప్పట్లు కొట్టండి అన్నాడు. చివరికి తాతారావు భార్య వీరవేణి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది.

"ఉత్తరాల్లో ఉంటాను అని రాయరాండి ఆఖర్న? అదే అనండి. ఉంటానంటే ఎవరికి కోపం?"

నాలుగు పల్లెలకీ అదే చెప్పారు. ఉంటానండి అనేదాకా అమలాపురం పలకదు. ఆయ్ వినపడకపోతే ఆగొద్దు, మేం వింటూనే ఉంటాం. పోలిరాజు పెడలుని కుర్చీకి దూరంగా, ఎడమవైపుకి జరిపాడు. స్ప్రింగు మార్చి గట్టిది వేశాడు. కాలు చాపి, మడమ నేలకి ఆనించి, కావాలని తొక్కితే తప్ప పడదు. దీపాన్ని సెట్టు మీద నుంచి తీగతో లాగి టైపు మిషను వెనక, కళ్ళెదుట పెట్టాడు.

కమిటీ పెడలు ఉంచింది. ఉద్యోగం మాత్రం ఖాయం చెయ్యలేదు. వచ్చే వానల దాకా చూద్దామన్నారు. మేనల్లుడికి గోవిందరాజులు గారు వేరే ఎక్కడో చూశారు. జ్ఞానమ్మ రోజుకూలి మీదే ఆ కుర్చీలో కూర్చుంది.

కొత్త పద్ధతి అనుకున్నంత సులువు కాలేదు. ఆయ్ లేకుండా మాట్లాడటం వాళ్ళకి రాలేదు. గోడతో మాట్లాడినట్టుందని ఒక పల్లెవాడు కోప్పడ్డాడు. మాణిక్యం ప్రతి వాక్యానికీ ఉంటానండి అనేవాడు. తాతారావు ఒక్కోసారి మొదటే ఉంటానండి అని తరవాత కబురు చెప్పేవాడు. జ్ఞానమ్మ నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని వినడం నేర్చుకుంది.

మాఘంలో ఒక మధ్యాహ్నం, ఎండగానే ఉంది, తాతారావు పిలిచాడు. నీరు తగ్గిందండి అన్నాడు. ఆమె కొట్టింది. ఇద్దరు పిల్లలు పాయ అవతల అన్నాడు.

ఆగాడు.

ఆమె వేళ్ళు అవతల దగ్గర ఆగాయి. సెట్టులో బుస లేదు. అవతల మీట నొక్కే ఉంది, అంటే అతను ఇంకా అక్కడే ఉన్నాడు. దూరంగా కాకి అరిచింది. ఎవరో నవ్వారో ఏడ్చారో తెలియలేదు. ఉన్నారా అని అడగాలనిపించింది. దీపం ఆరి ఉంది. జ్ఞానమ్మ రెండు మడమలూ నేలకి అదిమి పెట్టి, మిగతా మాట కోసం కూర్చుంది.